నాన్న పొలం మీ వాటాకు వస్తే: విదేశంలో ఉండి ఉంచుకోవడం, అమ్మడం, డబ్బు తెచ్చుకోవడం ఎలా

విదేశంలో స్థిరపడిన మనవాళ్లు ఇండియాలో వ్యవసాయ భూమి కొనకూడదు. ఎవరైనా ప్రేమతో గిఫ్టుగా రాసిచ్చినా తీసుకోకూడదు. అమ్మానాన్నల తర్వాత వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు, కౌలుకు ఇవ్వొచ్చు, అమ్మొచ్చు, ఆ డబ్బు బయటికి తీసుకెళ్లొచ్చు. విదేశీ మారకపు లావాదేవీలను చూసే ఫెమా చట్టం, దాని కింద 2019లో వచ్చిన నిబంధనలు చెప్పేది ఇదే. అంటే ఆ పొలం మీ చేతికి ఏ దారిలో వచ్చింది అన్నదాని మీదే తర్వాతి పనులన్నీ ఆధారపడతాయి. ఆ దారిని కాగితం మీద చూపించగలిగితే మిగతాదంతా ఓపికగా చేసుకునే పనే. చూపించలేకపోతే అమ్మకం అయిపోయినా డబ్బు బ్యాంకులో ఇరుక్కుంటుంది.

నేను ఈ పనంతా చేసినదాన్ని. అమెరికా పౌరసత్వం, ఓసీఐ కార్డు ఉన్నాయి. అమ్మ ముందే పోయింది. నాన్న 2022లో పోయారు. తెనాలి దగ్గర ఒక ఊళ్లో రెండెకరాల మాగాణి, ఇంకా దూరంగా మరో ఊళ్లో మూడెకరాలు. వారసులం నేను, గుంటూరులో ఉండే తమ్ముడు. మా లెక్కలతోనే ఒక్కో మెట్టు చెబుతాను. మీ పొలం ఎక్కడున్నా క్రమం ఇదే.

మొదట చూడవలసింది నాన్నగారి దస్తావేజు తేదీ

పాసుపుస్తకం కంటే ముందు బీరువాలోంచి అసలు కొనుగోలు దస్తావేజు తీయండి. అది రిజిస్టర్ అయిన రోజున నాన్నగారు ఎక్కడ నివసిస్తున్నారో చూడండి. ఆయన ఇండియాలోనే ఉండి కొన్నా, తాతగారి నుంచి వచ్చినా చిక్కు లేదు. ఇండియాలో నివసించిన వ్యక్తి నుంచి మీకు వారసత్వంగా వచ్చిన ఆస్తిని మీరు ఉంచుకోవచ్చని ఫెమా 6(5) సెక్షన్ చెబుతుంది.

ఆయన కూడా విదేశంలో ఉంటూ, ఎన్నారై హోదాలో పొలం కొని ఉంటే కథ వేరు. నిబంధన ప్రకారం ఆయనే దాన్ని కొనకూడదు. విదేశంలో ఉన్న వ్యక్తి నుంచి వారసత్వం రావాలంటే, ఆ వ్యక్తి అప్పటి చట్టానికి లోబడి ఆస్తి సంపాదించి ఉండాలి. ఆ తప్పు వారసుడితో మాసిపోదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఎకరా, రెండెకరాలు అని విదేశాల నుంచి కొనేసిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటి దస్తావేజు కనబడితే అమ్మకం మాట ఎత్తకముందే ఫెమా తెలిసిన న్యాయవాదిని కలవండి. ఉల్లంఘనకు జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండొచ్చు.

పాత పీఐఓ కార్డు పెట్టుకుని ఉన్నవాళ్లకు ఒక మాట. ఆ పథకం 2015 జనవరి 9న ఓసీఐలో కలిసిపోయింది. ఓసీఐ కార్డు లేకపోయినంత మాత్రాన అమ్మానాన్నల నుంచి వచ్చే వారసత్వం పోదు. కానీ బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడు, రిజిస్ట్రార్ ఆఫీసులో ‘మీరెవరు’ అన్న ప్రశ్నకు ఆ కార్డు ఒక్కటే సులువైన జవాబు. పనులు మొదలుపెట్టేముందే దానికి అప్లై చేయండి.

ప్రేమతో రాసిచ్చే కాగితాలతో జాగ్రత్త

ఎక్కువమంది తెలియక తప్పు చేసేది ఇక్కడే.

నాన్న పోయిన రెండు నెలలకు తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, దూరంగా ఉన్న మూడెకరాలు నువ్వే తీసుకో. నా వాటాకు రిలీజ్ డీడ్ రాసిస్తాను. అమ్మేసి పిల్లల చదువులకు వాడుకో" అన్నాడు. వాడి మనసు తెలుసు కాబట్టి కళ్లు చెమర్చాయి. కానీ తీసుకోలేదు. నాన్న నుంచి నాకు వచ్చింది అందులో సగమే. మిగతా సగం తమ్ముడిది. వాడు డబ్బు తీసుకోకుండా దాన్ని నాకు వదిలేస్తే, అది బతికున్న మనిషి నుంచి నాకు వచ్చే భూమి అవుతుంది. పేరు రిలీజ్ అని పెట్టినా, సెటిల్‌మెంట్ అని పెట్టినా లోపల ఉన్నది గిఫ్టే. వ్యవసాయ భూమిని ఎన్నారైలు, ఓసీఐలు గిఫ్టుగా తీసుకోవడానికి వీల్లేదు.

అమ్మ బతికే ఉంటే ఇదే పొరపాటు ఇంకో రూపంలో జరుగుతుంది. నాన్నగారు వీలునామా లేకుండా పోతే, ఆయన స్వార్జితంలో హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన వాటాలు. "నాకెందుకమ్మా, నా వాటా కూడా నీ పేరున పెట్టేస్తా" అని అమ్మ అమెరికాలోని కూతురికి గిఫ్ట్ సెటిల్‌మెంట్ రాస్తుంది. అది చెల్లదు. ఆవిడకు అదే కోరిక ఉంటే వీలునామా రాయించండి. ఆవిడ తర్వాత అది వారసత్వంగా వస్తుంది, ఏ ఇబ్బందీ ఉండదు.

పసుపు కుంకుమ కింద ఆడపిల్లకు రాసిచ్చిన పొలం సంగతి కూడా తేదీని బట్టే ఉంటుంది. మీరు ఇంకా ఇండియాలో ఉండగా రిజిస్టర్ అయ్యి, తర్వాత విదేశం వెళ్లి ఉంటే నిశ్చింతగా ఉంచుకోవచ్చు. విదేశంలో స్థిరపడ్డాక రాసిచ్చి ఉంటే అదీ గిఫ్టే.

మరి మీరు ఎవరికి ఇవ్వొచ్చు? ఇండియాలో నివసించే భారత పౌరుడికి అమ్మొచ్చు, ఊరికే రాసివ్వొచ్చు కూడా. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ విదేశాల్లోనే ఉండి, ఒకరి వాటా ఇంకొకరు కొనుక్కుందాం అనుకుంటే మాత్రం కుదరదు. పొలం ఒక ఎన్నారై నుంచి ఇంకో ఎన్నారైకి అమ్మకం ద్వారా గానీ గిఫ్టు ద్వారా గానీ వెళ్లకూడదు. వారసత్వంగా వచ్చిన వాటాలను ఎవరి ముక్క వాళ్లకు విడదీసుకోవడం వరకు సరే. మేమూ అదే చేశాం. రెండు చోట్లా చెరిసగం పంచుకుని పార్టిషన్ డీడ్ రిజిస్టర్ చేయించాం. నాకు దగ్గరి ఊళ్లో ఒక ఎకరం, దూరపు ఊళ్లో ఎకరన్నర వచ్చాయి.

రికార్డుల్లో మీ పేరు ఎక్కించుకోవడం

మీ పేరున రికార్డు లేకుండా కొనేవాడు రాడు, వచ్చినా బ్యాంకు డబ్బు పంపదు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే మొదట మరణ ధ్రువపత్రం, తర్వాత తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. విదేశంలో ఉన్నారని ఆడపిల్ల పేరు అందులో వదిలేసే అలవాటు ఇంకా ఉంది. దరఖాస్తు పెట్టేరోజే మీ పేరు, పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతో, ఉందో లేదో చూసుకోండి. వీలునామా ఉంటే అదే మీ ఆధారం.

ఆ తర్వాత గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ రికార్డుల్లో పేరు మార్చే మ్యుటేషన్‌కు దరఖాస్తు. పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ప్రకారం హక్కు వచ్చిన 90 రోజుల్లో తెలియజేయాలి. ఆలస్యమైనంత మాత్రాన హక్కు పోదు గానీ, ప్రశ్నలు పెరుగుతాయి. వీఆర్వో విచారణ, నోటీసు, అభ్యంతరాల గడువు అయ్యాక భూమి ఎవరిదో చెప్పే 1బి, సాగు వివరాలు చెప్పే అడంగల్‌లో మీ పేరు వస్తుంది. meebhoomi.ap.gov.in లో మీరే అక్కడినుంచి చూసుకోవచ్చు.

చూసినప్పుడు పేరు ఒక్కటే కాదు, విస్తీర్ణం కూడా సరిచూడండి. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబరు స్థానంలో కొత్త కొలతల ప్రకారం ఇచ్చిన ఎల్‌పీఎం నంబరు వచ్చింది. నాన్న దస్తావేజులో ఎకరం ఉంటే కొత్త రికార్డులో 96 సెంట్లు అని ఉండొచ్చు. ఇద్దరు ముగ్గురి భూమి కలిపి ఒకే జాయింట్ ఎల్‌పీఎం కింద పడి ఉండొచ్చు. దీన్ని అమ్మకానికి బేరం కుదిరాక కనుక్కుంటే కొనేవాడు ధర తగ్గిస్తాడు. అలాగే మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో పొరపాటున చేరలేదు కదా అని కూడా చూడాలి. చేరితే రిజిస్ట్రేషనే జరగదు.

తెలంగాణలో ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14 నుంచి భూ భారతి వచ్చింది. వారసత్వ మ్యుటేషన్ దరఖాస్తు bhubharati.telangana.gov.in లో పెట్టాలి. తహసీల్దారు మిగతా వారసులకు నోటీసులిచ్చి విచారణ చేశాకే పేరు మారుస్తారు. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ కూడా ఆ తహసీల్దారు ఆఫీసులోనే. ఆంధ్రలో సబ్ రిజిస్ట్రార్ దగ్గర.

పేర్ల తేడా గురించి ఒక మాట. నా స్కూలు సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, అమెరికా పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు, పాన్ కార్డులో ఇంటిపేరు అసలు లేదు. ఈ మూడూ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించి, పెళ్లి సర్టిఫికెట్ జత చేసి, ఆ కట్టను ప్రతి ఆఫీసులోనూ ఇచ్చాను. పాన్‌లో పేరు పాస్‌పోర్టుతో సరిపోయేలా ముందే మార్పించుకోండి. అమ్మకం ఏడాదిలో ఇది చేయబోతే టెన్షన్ తప్పదు.

అమ్మకుండా ఉంచుకుంటే

ఉంచుకోవడానికి కాలపరిమితి లేదు, రిజర్వ్ బ్యాంకు అనుమతీ అక్కర్లేదు. కౌలుకు ఇస్తే రాతపూర్వకంగా, 11 నెలలకు ఒప్పందం రాయించండి. ఆంధ్రలో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే కార్డు ఆ పంటకాలానికి రుణం, బీమా లాంటి వాటికోసమే. దానివల్ల భూమి మీద యాజమాన్య హక్కు రాదు. యజమాని సంతకం అడిగితే భయపడి వెనక్కి పంపే వాళ్లను చూశాను. పాపం ఆ కౌలు రైతు పంట నష్టపోయినప్పుడు సాయం అందక నష్టపోతాడు. ఒప్పందం సరిగా రాసుకుని సంతకం పెట్టండి.

కౌలు డబ్బు మీ ఎన్ఆర్ఓ ఖాతాలోనే పడాలి. తమ్ముడి ఖాతాలో వేయించుకుని, వాడు ఎప్పుడైనా పంపడం సులువుగానే ఉంటుంది గానీ, నాలుగేళ్ల తర్వాత ఆ డబ్బు ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. విదేశం వెళ్లకముందు తెరిచిన పాత సేవింగ్స్ ఖాతా ఇంకా అలాగే ఉంటే దాన్ని ఎన్ఆర్ఓగా మార్పించాలి. పొలం మీద వచ్చే కౌలు వ్యవసాయ ఆదాయమే కాబట్టి ఇండియాలో పన్ను లేదు. అమెరికాలో మాత్రం చూపించాలి. ఇంకొకటి, నాన్నగారి పేరున పడుతున్న పీఎం కిసాన్ డబ్బు ఆపించండి. ఎన్నారైలకు ఆ పథకం వర్తించదు.

అమ్మే ముందు కొలవవలసిన దూరం

ఇప్పుడు పన్ను సంగతి. పల్లెలో ఉన్న వ్యవసాయ భూమిని ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తిగా లెక్కించదు. దాన్ని ఎంతకు అమ్మినా ఇండియాలో క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. ఎన్నారై అమ్మినా అంతే. అయితే పల్లె అంటే ఏది? పంచాయతీ బోర్డు ఉంటే సరిపోదు. దగ్గరున్న మున్సిపాలిటీ జనాభా 10 వేలు దాటి లక్ష లోపు ఉంటే దాని పొలిమేర నుంచి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షల దాకా ఉంటే 6 కిలోమీటర్లు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్లు అవతల పొలం ఉండాలి. రోడ్డు దూరం కాదు, పక్షి ఎగిరినట్టు తిన్నగా కొలవాలి. ఊరి మధ్యలోని గడియార స్తంభం నుంచి కాదు, మున్సిపల్ హద్దు నుంచి కొలవాలి.

తెనాలి జనాభా 2011 లెక్కల్లో 1.6 లక్షలు దాటింది. కాబట్టి మాకు 6 కిలోమీటర్ల గీత. దగ్గరి ఊరు రోడ్డు మీద వెళ్తే కాలువ చుట్టు తిరిగి 9 కిలోమీటర్లు వస్తుంది. మేమంతా పన్ను లేదనే అనుకున్నాం. తిన్నగా కొలిస్తే 5 కిలోమీటర్లే. ఆ ఎకరానికి పన్ను ఉంది. దూరపు ఊళ్లోని ఎకరన్నర గీతకు బాగా అవతల ఉంది, దానికి లేదు. ఒకే నాన్న కొన్న రెండు ముక్కలకు రెండు రకాల లెక్క.

కాబట్టి బేరం మొదలుపెట్టకముందే తహసీల్దారు ఆఫీసు నుంచి ఆ సర్వే నంబరు ఫలానా మున్సిపల్ హద్దుకు ఇంత దూరంలో ఉందని, సాగులో ఉందని లెటర్ తీసుకోండి. అడంగల్ కాపీలు మూడేళ్లవి పెట్టుకోండి. పొలం బీడు పడి, ప్లాట్ల రాళ్లు పాతి ఉంటే వ్యవసాయ భూమి అని నిరూపించడం కష్టం.

పవర్ ఆఫ్ అటార్నీ

రిజిస్ట్రేషన్‌కు మీరే రాగలిగితే రండి. సెలవు దొరకకపోతే నమ్మకమైన మనిషికి పవర్ ఇవ్వాలి. అమెరికాలో నోటరీ ముందు సంతకం చేసి రాష్ట్రం చేత అపోస్టిల్ చేయించడం ఒక దారి, ఇండియన్ కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించడం ఇంకో దారి. కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు దాటించి మళ్లీ మొదటినుంచి చేయించుకున్నవాళ్లు ఉన్నారు.

అందులో ఏం రాస్తారన్నది ముఖ్యం. జనరల్ పవర్ ఇవ్వకండి. ఫలానా ఊరు, ఫలానా సర్వే లేదా ఎల్‌పీఎం నంబరు, ఇంత విస్తీర్ణం, ఈ ధరకు తగ్గకుండా అమ్మి సంతకం పెట్టే అధికారం, అంతవరకే. డబ్బు నా పేరున ఉన్న ఫలానా ఎన్ఆర్ఓ ఖాతాలోకే రావాలని నంబరుతో సహా రాయించండి. తమ్ముడి మీద అనుమానంతో కాదు, రేపు బ్యాంకు అడిగే ప్రశ్నకు జవాబు ఆ వాక్యమే. నేను అలాగే రాయించాను.

అమ్మకం రోజు లెక్క

2024 డిసెంబరులో రెండు ముక్కలూ అమ్మాం. దగ్గరి ఎకరం 60 లక్షలకు, దూరపు ఎకరన్నర 45 లక్షలకు, వేరువేరు రైతులకు.

దగ్గరి ఎకరం కొన్నాయన మొదట దస్తావేజులో 35 లక్షలు రాసి మిగతాది నగదు ఇస్తానన్నాడు. ఊళ్లో అందరూ చేసేదే అన్నాడు. ఇక్కడ ఉండేవాళ్ల సంగతి ఎలా ఉన్నా, మనకు మాత్రం దస్తావేజులో లేని రూపాయి బయటికి వెళ్లే రూపాయి కాదు. ఆ 25 లక్షలు ఎన్ఆర్ఓలో వేయడానికి ఆధారం ఉండదు. పైగా భూమి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా పడొచ్చు. అడ్వాన్సు దగ్గరనుంచి మొత్తం బ్యాంకు ద్వారానే అని అగ్రిమెంటులో రాయించాం. ఆయన కాస్త ధర తగ్గించమన్నాడు, ఒప్పుకున్నాం. 60 లక్షలు ఆ తగ్గించిన ధరే.

అమ్మేవాళ్లు ఎన్నారై అయితే, పన్ను ఉన్న భూమి మీద కొనేవాడు టీడీఎస్ పట్టాలి. డాక్యుమెంట్ రైటర్ ఒక శాతం చాలన్నాడు. ఆ ఒక శాతం ఇండియాలో ఉండి అమ్మేవాళ్లకు. మనకు వర్తించేది అప్పటి చట్టంలోని 195వ సెక్షన్. 2024 జూలై 23 తర్వాతి అమ్మకాలకు దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, దానిమీద సర్‌చార్జీ, సెస్సు. మొత్తం 50 లక్షలు దాటింది కాబట్టి సర్‌చార్జీ 10 శాతం, ఆపైన 4 శాతం సెస్సు. అన్నీ కలిపితే 14.3 శాతం. కొన్నాయనకు మన లాభం ఎంతో తెలియదు గనుక మొత్తం 60 లక్షల మీదా పట్టాడు: 8,58,000 రూపాయలు. దానికోసం ఆయన, పన్ను పట్టి కట్టేవాళ్లకు ఇచ్చే టాన్ నంబరు తీసుకోవలసి వచ్చింది. రైతుకు అది కొత్త. మా ఆడిటరే దగ్గరుండి చేయించాడు, ఫీజు మేమే ఇచ్చాం. కొనేవాడి మీద వదిలేస్తే పట్టిన పన్ను కట్టకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. మీ పేరున జమైన పన్ను చూపే 26ఏఎస్‌లో ఆ మొత్తం కనబడేదాకా వెంటపడండి.

అసలు పన్ను ఎంత? నాన్న కొన్న ధర పాతది కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ఖరీదుగా తీసుకోవచ్చు. అది అప్పటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. మాకు ఎకరానికి 4 లక్షలు వచ్చింది. లాభం 56 లక్షలు. దానిమీద 14.3 శాతం అంటే 8,00,800. పట్టింది 8,58,000. తేడా 57,200 రూపాయలు, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకున్నాను.

టీడీఎస్ తక్కువ పట్టేలా పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకునే వీలుంది. ఇంత చిన్న తేడాకు నేను ఆగలేదు. కానీ ఒక సందర్భంలో అది తప్పనిసరి. ఆరు నెలల్లోపు, లాభం మీద పన్ను మినహాయింపు ఇచ్చే 54ఈసీ బాండ్లలో 50 లక్షలు పెట్టాలనుకుంటే, నా లెక్కలో పన్ను పడేది 6 లక్షల మీదే, అంటే 78 వేలు. అప్పుడు 8.58 లక్షలు పట్టించుకుని ఏడాది పైన ఎదురుచూడడం అన్యాయం. అలాంటివాళ్లు అగ్రిమెంటుకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య కనీసం రెండు నెలలు గడువు పెట్టుకుని సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయాలి. బాండ్లలో డబ్బు ఐదేళ్లు కదలదు. ఇంటి అప్పు తీర్చాలనుకున్నాను కాబట్టి నేను ఆ దారి పట్టలేదు.

ఇంకో సలహా కూడా మీకు వినబడుతుంది. పొలం అమ్మిన డబ్బుతో మళ్లీ పొలం కొంటే 54బి కింద పన్ను ఉండదు అంటారు. పన్ను చట్టంలో అది నిజమే. కానీ ఎన్నారై పొలం కొనడమే ఫెమా ప్రకారం తప్పు. ఆ సలహా ఇచ్చేవాళ్లకు మీరు విదేశంలో ఉన్నారన్న సంగతి గుర్తుండదు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చింది. నేను చెప్పిన సెక్షన్ల, ఫారాల నంబర్లు పాతవి. ఆడిటర్లు ఇంకా ఆ పేర్లతోనే మాట్లాడుతున్నారు కాబట్టి అలాగే రాశాను. మీరు అమ్మే ఏడాదికి వర్తించే రేటు, నంబరు మీ ఆడిటర్‌ను అడిగి రాసుకోండి.

డబ్బు దాటించడం

టీడీఎస్ పోగా దగ్గరి ఎకరం మీద 51,42,000, దూరపు పొలం మీద 45 లక్షలు, మొత్తం 96,42,000 నా ఎన్ఆర్ఓలో పడింది. వారసత్వ ఆస్తి అమ్మిన డబ్బును ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల దాకా బ్యాంకు ద్వారానే పంపుకోవచ్చు. డాలరు 85 రూపాయలు అనుకుంటే అది 8.5 కోట్లు. మనలాంటివాళ్లకు పరిమితి అడ్డు రాదు. దాటితే మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపితే రెండు సంవత్సరాల కోటా వస్తుంది. విడతలుగా పంపితే అన్నీ ఒకే బ్యాంకు ద్వారా పంపాలి.

అడ్డు వచ్చేది కాగితాలు. బ్యాంకు అడిగినవి ఇవి: నాన్న కొనుగోలు దస్తావేజు, మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పార్టిషన్ డీడ్, నా పేరున ఉన్న 1బి, రెండు అమ్మకపు దస్తావేజులు, టీడీఎస్ సర్టిఫికెట్, ఓసీఐ, పాస్‌పోర్టు, పాన్. వీటితోపాటు బ్యాంకు ఇచ్చే ఏ2 ఫారం, హామీ పత్రం, పంపే డబ్బు మీద పన్ను వివరాలు చెబుతూ ఆదాయపు పన్ను పోర్టల్‌లో నింపే 15సీఏ, ఆ వివరాలకు ఆడిటర్ ఇచ్చే సర్టిఫికెట్ 15సీబీ.

నేను ఇరుక్కున్నది దూరపు పొలం డబ్బు దగ్గర. టీడీఎస్ పట్టలేదేం అని బ్యాంకువాళ్లు మూడు వారాలు ఆపారు. పన్ను లేని డబ్బుకు నిబంధన ప్రకారం 15సీఏలో డి భాగం నింపితే చాలు, ఆడిటర్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ బ్యాంకు అది లేకుండా ఒప్పుకోదు. చివరికి తహసీల్దారు ఇచ్చిన దూరం లెటర్, అడంగల్ కాపీలు జత చేసి, ఇది పల్లె వ్యవసాయ భూమి, పన్ను పడదు అని ఆడిటర్ రాసిస్తే కదిలింది. ఆ లెటర్ అమ్మకానికి ముందే తీసుకోమన్నది ఇందుకే. అమ్మేశాక పాత సర్వే నంబరు మీద ఎవరి పేరో ఉంటుంది, ఆఫీసులో మీ మాట వినేవాళ్లుండరు.

వెంటనే డాలర్లు అక్కర్లేకపోతే ఎన్ఆర్ఓ నుంచి ఎన్ఆర్ఈ ఖాతాకు మార్చుకోండి. ఆ మార్పు కూడా ఇదే 10 లక్షల డాలర్ల లెక్కలోకి వస్తుంది. ఒకసారి అక్కడికి చేరాక ఎప్పుడు తీసుకెళ్లినా అడిగేవాళ్లు లేరు.

అమెరికాలో ఉన్నవాళ్లకు

ఇండియాలో పన్ను లేదంటే అమెరికాలోనూ లేదని కాదు. అయితే అక్కడి లెక్కలో మీ ఖరీదు నాన్నగారు పోయిన రోజున్న మార్కెట్ విలువ. నా వాటా విలువ 2022లో 90 లక్షలు, అమ్మింది 1.05 కోట్లు. రూపాయల్లో ఆ తేడా 15 లక్షలే. ఈ లెక్కకు ఆధారంగా, ఆయన పోయిన సంవత్సరంలోనే ఒక ప్రభుత్వ గుర్తింపు ఉన్న వాల్యూయర్ చేత విలువ రిపోర్టు రాయించి పెట్టుకోండి. ఏళ్ల తర్వాత రాయించినదానికి బలం తక్కువ.

విదేశీ వ్యక్తి నుంచి వచ్చిన వారసత్వం లక్ష డాలర్లు దాటితే ఫారం 3520 వేయాలి. దానిమీద పన్ను ఉండదు, తెలియజేయడం మాత్రమే. మరిచిపోతే జరిమానా పెద్దది. 90 లక్షలు అప్పటి మారకంలో లక్ష డాలర్లు దాటింది కాబట్టి నేను వేశాను. ఎన్ఆర్ఓలో డబ్బు పడ్డ ఏడాది, మీ విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏ ఒక్కరోజు 10 వేల డాలర్లు దాటినా, విదేశీ ఖాతాల వివరాలు తెలిపే ఎఫ్‌బార్ కూడా వేయాలి. పొలం అమ్మిన డబ్బు ఆ ఖాతాలో ఒక్క పూట ఉన్నా ఆ గీత దాటినట్టే.